టీఏకి రాసే రీకౌంటింగ్ మెయిల్

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి తెలుగు ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి రీకౌంటింగ్, రెండోది రీవెరిఫికేషన్. మొదటిదానికి దరఖాస్తు చేస్తే పేపరు దిద్దినవారు వేసిన మార్కులను మళ్లీ కూడి చూస్తారు, అంతే. రెండోదానికి చేస్తే జవాబు పత్రాన్నే మళ్లీ తిరగేస్తారు. రెండింటికీ ఫీజులు వేరు, దరఖాస్తులు వేరు. ఏది ఎప్పుడు అడగాలో పదహారేళ్ల పిల్లలకు కూడా బాగా తెలుసు.

అదే పిల్లలు అమెరికాలో డిగ్రీకో ఎంఎస్‌కో చేరి, ల్యాబ్ రిపోర్టులో మార్కులు తప్పుగా కూడారని అనిపించినప్పుడు మాత్రం ఈ తేడా మర్చిపోతారు. అక్కడ దరఖాస్తు ఫారం ఉండదు, ఫీజు ఉండదు. దిద్దిన మనిషికి నేరుగా ఒక మెయిల్ రాయాలి. ఆ మెయిల్ రీకౌంటింగ్ అడుగుతోందా, పేపరు మళ్లీ దిద్దమని అడుగుతోందా అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే తేలిపోవాలి. అది తేలకపోతే చిన్న కూడిక పొరపాటు కాస్తా రెండు వారాల వ్యవహారమవుతుంది.

ముందు ఆ దిద్దే మనిషి ఎవరో చూద్దాం. అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబ్‌లను చాలాచోట్ల ప్రొఫెసర్లు నేరుగా నడపరు. పీహెచ్‌డీయో మాస్టర్సో చదువుతున్న విద్యార్థులు టీచింగ్ అసిస్టెంట్లుగా నడుపుతారు. అందరూ వాళ్లను టీఏలంటారు. జీతంతోపాటు చాలామందికి ఫీజు మినహాయింపు కూడా ఈ పని వల్లే వస్తుంది. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారైతే కోర్సులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ల్యాబ్‌లో నిలబడటం, రిపోర్టులు దిద్దడం, ఆఫీస్ అవర్స్ పెట్టడం, మెయిళ్లకు జవాబులివ్వడం అన్నీ ఆ గంటల్లోనే జరగాలి. ఆ టీఏకి తన చదువు, తన పరిశోధన కూడా ఉంటాయి. ఒక సెక్షన్ రిపోర్టులన్నీ ఒకే రాత్రి కూర్చుని దిద్దడం అక్కడ మామూలే. కూడికలో పొరపాట్లు దొర్లేది అక్కడే.

దిద్దడానికి వాళ్లకో పట్టిక ఇస్తారు. దాన్ని రూబ్రిక్ అంటారు. రిపోర్టులో ఏ భాగానికి ఎన్ని మార్కులో అందులో వరుసలుగా ఉంటుంది. విద్యార్థి తన రిపోర్టును కోర్సు పోర్టల్‌లో పెడతాడు. చాలా విశ్వవిద్యాలయాల్లో అది Canvas. టీఏ అక్కడే రిపోర్టు తెరిచి, పక్కనున్న రూబ్రిక్‌లో ఒక్కో వరుసకు మార్కు వేస్తాడు. చాలామందికి తెలియని సంగతి ఒకటి ఇక్కడే ఉంది. రూబ్రిక్ మొత్తం, గ్రేడ్ పెట్టెలో ఉండే అంకె ఒకటే కావాలని లేదు. అసైన్‌మెంట్ తయారుచేసేటప్పుడు ఈ రూబ్రిక్‌తోనే గ్రేడ్ లెక్కించాలన్న గడి టిక్ చేస్తే వరుసల మొత్తం దానంతటదే గ్రేడ్ పెట్టెలోకి వెళ్తుంది. ఆ టిక్ లేకపోతే టీఏ మొత్తాన్ని చూసుకుని చేత్తో టైపు చేయాలి. ముందు కొన్ని వరుసలకు మార్కులు వేసి, గ్రేడ్ పెట్టెలో అంకె రాసేసి, తర్వాత మిగిలిన వరుస నింపితే ఆ రెండు అంకెలు వేరుగా మిగిలిపోతాయి. పీడీఎఫ్ అంచుల్లో మార్కులు రాసి చివరి పేజీలో మొత్తం వేసే టీఏల దగ్గరైతే ఒక పేజీ జారిపోయినా చాలు, మొత్తం తప్పుతుంది.

ఒక రిపోర్టు తీసుకుని అంకెలతో చూద్దాం. జనరల్ కెమిస్ట్రీ ల్యాబ్, నాలుగో రిపోర్టు. వంటింటి వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం ఎంత శాతం ఉందో సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేసి కనుక్కునే ప్రయోగం. రిపోర్టుకు 50 మార్కులు. రూబ్రిక్‌లో సారాంశానికి 5, పరిచయానికి 5, విధానానికి 5, సేకరించిన కొలతలకు 10, లెక్కలకు 12, చర్చకు 10, ఆధారాలకూ రూపానికీ 3. ఒక విద్యార్థినికి ఈ వరుసల్లో 4, 5, 4, 9, 10, 8, 3 వచ్చాయనుకుందాం. కూడితే 43. గ్రేడ్ పెట్టెలో మాత్రం 38 ఉంది.

తేడా 5. పరిచయం వరుసలో ఆమెకు వచ్చింది సరిగ్గా 5. ఏడు వరుసల్లో 5 వచ్చింది అదొక్కటే. పరిచయానికి వేసిన మార్కులు కలపడం మర్చిపోయారని వెంటనే అనిపిస్తుంది. మెయిల్ మొదలుపెట్టే చాలామంది ఇక్కడే ఆగి, మీరు పరిచయం మార్కులు కలపలేదు అని రాసేస్తారు. అంత తొందర వద్దు. ఆ 5 వేరే దారిన కూడా పోయి ఉండవచ్చు.

గడువు దాటి ఇచ్చిన రిపోర్టుకు చాలా కోర్సుల్లో కోత ఉంటుంది. రోజుకు పది శాతం అన్నది తరచూ కనిపించే నిబంధన. Canvas దాన్ని తనంతట తాను కోసేలా ముందే పెట్టుకోవచ్చు. అలా పెట్టినప్పుడు ఆ శాతాన్ని విద్యార్థికి వచ్చిన మార్కుల మీద కాక అసైన్‌మెంట్ మొత్తం మార్కుల మీద లెక్కిస్తుంది. 50లో పది శాతం 5. 43లోంచి 5 పోతే 38. అదే అంకె! వచ్చిన మార్కుల్లో పది శాతం కోసి ఉంటే 4.3 పోయి 38.7 కనిపించేది. అంటే ఇప్పుడు రెండు వివరణలున్నాయి. పరిచయం వరుస జారిపోయి ఉండాలి, లేదా ఆలస్యానికి కోత పడి ఉండాలి. రెండూ సరిగ్గా ఒకే అంకె ఇస్తున్నాయి. ఏది నిజమో బయటినుంచి కూడిక చేసి తేల్చలేం.

అందుకే మెయిల్‌కు ముందు రిపోర్టు ఎప్పుడు అందిందో చూసుకోవాలి. పోర్టల్‌లో ఆ సమయం నిమిషాలతో సహా ఉంటుంది. మన ఉదాహరణలో గడువు అక్టోబరు 9 రాత్రి 11:59, రిపోర్టు వెళ్లింది 11:42కి. ఆలస్యమైందన్న గుర్తు ఎక్కడా లేదు. ఇంకొకటి కూడా చూడాలి. మొదటిసారి 11:42కి పెట్టి, తర్వాత గ్రాఫు మర్చిపోయానని తెలిసి 12:03కి మళ్లీ పెట్టి ఉంటే, పోర్టల్ చివరగా పెట్టినదాన్నే లెక్కలోకి తీసుకుని ఆలస్యం అంటుంది. అప్పుడా 38 సరైన అంకే, మెయిల్ అవసరమే లేదు. ఈ రెండో అప్‌లోడ్ సంగతి విద్యార్థులకు చాలాసార్లు గుర్తుండదు. ఎందుకంటే వాళ్ల మనసులో రిపోర్టు సమయానికే ఇచ్చేశారు.

ల్యాబ్‌కు ముందు ఇచ్చే ప్రీ-ల్యాబ్ ప్రశ్నలకు మార్కులు ఇదే పెట్టెలో కలుస్తాయా, విడిగా ఉంటాయా అన్నది సిలబస్‌లో ఉంటుంది. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకపోవడం, బల్ల శుభ్రం చేయకపోవడం లాంటివాటికి కోసే మార్కుల సంగతీ అక్కడే ఉంటుంది. టీఏ రాసిన వ్యాఖ్యలన్నీ చివరిదాకా చదవాలి. కోతకు కారణం అక్కడ ఒక ముక్కలో ఉండవచ్చు. ఇవన్నీ చూడటానికి పది నిమిషాలు పడుతుంది. ఇవన్నీ చూశాక కూడా 5 లెక్కకు రాకపోతే, అప్పుడు రాయాలి.

ఐదు మార్కుల కోసం ఇంత అవసరమా అని ఇక్కడి తల్లిదండ్రులు కొందరు అంటారు. లెక్క వేసి చూద్దాం. సెమిస్టర్‌లో పది రిపోర్టులు, అన్నీ కలిపి తుది గ్రేడ్‌లో 60 శాతం అనుకుంటే ఒక్కో రిపోర్టు విలువ 6 శాతం. అందులో పదో వంతు పోతే తుది మొత్తంలో 0.6 తగ్గుతుంది. 90.2 రావలసిన చోట 89.6 వస్తుంది. 90 దగ్గర గీత గీసి పైవారికి ఏ మైనస్, కిందివారికి బీ ప్లస్ ఇచ్చే కోర్సులో గ్రేడే మారిపోతుంది. అది ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోతుంది. తనకు న్యాయంగా వచ్చిన మార్కులు అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇప్పుడు మెయిల్. మనవాళ్లు చిన్నప్పటి సెలవు చీటీ అలవాటుతో రాసే మెయిల్ ఇలా ఉంటుంది: గౌరవనీయులైన సర్, నేను ఈ రిపోర్టు కోసం చాలా కష్టపడ్డాను. నాకు రావలసినన్ని మార్కులు రాలేదని భావిస్తున్నాను. దయచేసి నా రిపోర్టును మరోసారి పరిశీలించి తగిన చర్య తీసుకోగలరని ప్రార్థన.

ఇందులో మర్యాదకు లోటు లేదు, విషయమే లేదు. ఏ రిపోర్టో, ఏ సెక్షనో, ఎక్కడ తేడా ఉందో టీఏకి తెలియదు. మరోసారి పరిశీలించమంటే మొత్తం మళ్లీ దిద్దమని అర్థం చేసుకుంటాడు. అందుకు వేరే పద్ధతి ఉంది, ఆ ఫారం నింపండి అని జవాబు రాస్తాడు, లేదా తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెడతాడు. నిమిషంలో సరిదిద్దగల కూడిక అలా మూలపడుతుంది.

పని జరిగే మెయిల్‌ను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

విషయం: జనరల్ కెమిస్ట్రీ ల్యాబ్, సెక్షన్ 14, రిపోర్టు 4 మొత్తం మార్కుల గురించి ఒక ప్రశ్న

హలో, నేను మీ సోమవారం ల్యాబ్, సెక్షన్ 14 విద్యార్థిని. రిపోర్టు 4 దిద్ది వ్యాఖ్యలు రాసినందుకు ధన్యవాదాలు. దాని మొత్తం ఎలా వచ్చిందో అడగడానికి రాస్తున్నాను. రూబ్రిక్‌లో నాకు కనిపిస్తున్న మార్కులు వరుసగా 4, 5, 4, 9, 10, 8, 3. ఇవి కూడితే 43 వస్తోంది. గ్రేడ్ పెట్టెలో 38 ఉంది. ఆలస్యానికి కోత పడిందేమోనని చూశాను. నా రిపోర్టు అక్టోబరు 9 రాత్రి 11:42కి అందినట్టు ఉంది, గడువు 11:59. నేను గమనించని కోత ఇంకేదైనా ఉందా? వీలు చూసుకుని ఒకసారి చెప్పగలరా? వరుసల్లో మీరు వేసిన మార్కుల గురించి నేను అడగడం లేదు. ధన్యవాదాలు.

కింద పూర్తి పేరు, విద్యార్థి సంఖ్య.

అంతకుమించి ఒక్క వాక్యం అక్కర్లేదు. సంబోధనలో సర్, మేడమ్ బదులు టీఏ మొదటి పేరు పెడితే అక్కడ అమర్యాద కాదు. మొదటి తరగతిలో తనను ఏమని పిలవమన్నారో అలాగే పిలవాలి. సబ్జెక్టు గీతలో కోర్సు, సెక్షన్, రిపోర్టు సంఖ్య ఉండటం ముఖ్యం. ఒకే టీఏ రెండు మూడు సెక్షన్లు నడుపుతుంటాడు. పేరు చూసి మనిషిని గుర్తుపట్టాలని ఆశించడం సరికాదు. ఏడు అంకెలనూ మెయిల్‌లోనే రాయడం వల్ల అతను పోర్టల్ తెరవకముందే కూడిక సరిచూసుకోగలడు. స్క్రీన్‌షాట్ జతచేసినా తప్పులేదు గానీ అంకెలు మాత్రం అక్షరాల్లో ఉండాలి. ఫోన్‌లో మెయిల్ చదివేవారు జతచేసిన బొమ్మను తెరవకపోవచ్చు.

ఈ మెయిల్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది మీరు తప్పు చేశారు అనే మాట లేకపోవడం. అది భయం వల్ల కాదు. ఆ విద్యార్థినికి నిజంగానే తెలియదు కాబట్టి. వరుసలు కూడితే 43, పెట్టెలో 38. ఆమెకు ఖాయంగా తెలిసింది ఈ రెండే. మధ్యలో ఏం జరిగిందో తెలిసినవాడు టీఏ. అందుకే ఆమె నిందించకుండా ప్రశ్న వేసింది. ఒకవేళ ఆమె చూడని నిబంధన ఏదో ఉండి 38 సరైనదే అయినా ఎవరికీ తల దించుకునే పరిస్థితి రాదు.

చివర్లో పెట్టిన ఆ వాక్యం, వరుసల్లో వేసిన మార్కుల గురించి అడగడం లేదన్నది, చాలామందికి రాయబుద్ధి కాదు. ఎటూ రాస్తున్నాం కదా, ఆ లెక్కల్లో పోయిన రెండు మార్కులు కూడా అడిగేద్దాం అనిపిస్తుంది. ఆ రెండూ ఎందుకు పోయాయో చూడండి. బ్యూరెట్‌ను మిల్లీలీటరులో నూరో వంతు వరకు చదవగలం. 21.43 మిల్లీలీటర్లు అని రాస్తే అందులో నమ్మదగిన అంకెలు నాలుగు. ఆ కొలత మీద ఆధారపడిన జవాబు కూడా నాలుగు అంకెల దగ్గరే ఆగాలి. 4.973 శాతం అని ఆపాల్సిన చోట ఆమె క్యాలిక్యులేటర్ చూపించినట్టు 4.97318 అని రాసింది. అంత సూక్ష్మంగా కొలిచే పరికరం ఆమె చేతిలో లేదు. టీఏ రెండు మార్కులు కోయడం సబబే. ఒకటికి బదులు రెండు ఎందుకు అన్నది వాదించదగ్గ విషయమే కావచ్చు, కానీ అది దిద్దిన తీరు గురించిన ప్రశ్న. ఆఫీస్ అవర్స్‌లో రిపోర్టు ముందు పెట్టుకుని అడగాల్సింది. రెంటినీ ఒకే మెయిల్‌లో కలిపితే కూడిక ప్రశ్న కూడా మార్కుల బేరంలా కనిపిస్తుంది. పైగా, తిరిగి దిద్దమని అడిగితే రిపోర్టు మొత్తం మళ్లీ చూస్తాం, మార్కులు తగ్గవచ్చు కూడా అని చాలా సిలబస్‌లలో రాసి ఉంటుంది.

మెయిల్ ఎక్కడినుంచి వెళ్తుందన్నదీ పట్టించుకోవాలి. అమెరికాలో 1974 నుంచి ఫెర్పా అనే చట్టం ఉంది. విద్యార్థి మార్కుల వివరాలను అతని అనుమతి లేకుండా బయటివారికి చెప్పకూడదని దాని సారం. సొంత జీమెయిల్ నుంచి రాస్తే ఆ రాసింది విద్యార్థో కాదో టీఏకి తెలిసే దారి లేదు. అందుకే విశ్వవిద్యాలయం ఇచ్చిన చిరునామా నుంచి రాయమంటారు, లేకపోతే మార్కుల మాట ఎత్తరు. కాలేజీలో చేరాక ఆ హక్కు విద్యార్థిదే. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో తండ్రి మెయిల్ పెడితే, ఎంత మర్యాదగా రాసినా, మీ పిల్లల గ్రేడ్ గురించి మీతో మాట్లాడలేం అన్న జవాబే వస్తుంది. అది పొగరు కాదు, చట్టం.

తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా ఎదురయ్యే పరిస్థితి ఇంకొకటుంది. ఆ టీఏ కూడా తెలుగువాడే కావచ్చు. మన విద్యార్థులు ఎక్కువగా ఉన్న క్యాంపస్‌లలో ఇది అరుదేమీ కాదు. సంక్రాంతి భోజనాల దగ్గర కలిసినవాడు, వాట్సాప్ గ్రూపులో ఉన్న సీనియర్. అన్నా, ఆ నాలుగో రిపోర్టు టోటల్ తప్పు పడినట్టుంది, చూడవా అని రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టేయడం ఎంతో సులువు. పెట్టవద్దు. తప్పు నిజమైనదే అయినా, ఆ మార్పుకు వాట్సాప్ మెసేజ్ తప్ప వేరే ఆధారం లేకపోతే, రేపు ప్రొఫెసర్ ఈ ఐదు మార్కులు ఎందుకు పెరిగాయని అడిగినప్పుడు ఆ అన్న ఇబ్బందిలో పడతాడు. తనవాళ్లకు మార్కులు వేసుకున్నాడన్న మాట పడితే అతని ఉద్యోగానికి, దాంతోపాటు ఫీజు మినహాయింపుకు కూడా ముప్పు రావచ్చు. అన్న అనుకున్నవాడికి మనం చేయగల సాయం అందరిలాగే క్యాంపస్ మెయిల్ నుంచి, పై మెయిల్ లాంటిదే రాయడం.

మెయిల్ వెళ్లాక మామూలుగా జరిగేది చిన్న పని. టీఏ పోర్టల్ తెరుస్తాడు, వరుసలు కూడతాడు, పెట్టెలో 43 అని మారుస్తాడు, సరిచేశాను అని ఒక వాక్యం రాస్తాడు. కొన్ని విభాగాల్లో మార్కులు మార్చే అధికారం ల్యాబ్ కోఆర్డినేటర్‌కే ఉంటుంది. అప్పుడు మీ మెయిల్‌నే ముందుకు పంపుతాడు. అంకెలన్నీ అందులోనే ఉంటే అతను కొత్తగా వివరించాల్సిన పని ఉండదు. జవాబు రాకపోతే రెండు పనిదినాలు ఆగి, అదే మెయిల్ కింద ఒక్క వాక్యంలో గుర్తుచేయాలి. అప్పటికీ రాకపోతే ఆఫీస్ అవర్స్‌కు వెళ్లాలి. ఆ తర్వాతే కోఆర్డినేటర్, ఆ పైన ప్రొఫెసర్. మొదటి మెయిల్‌లోనే ప్రొఫెసర్‌కు కాపీ పెట్టడం అక్కడ ఫిర్యాదు కింద లెక్క. ఇంకా తప్పే తేలని విషయానికి ఫిర్యాదు చేయడం న్యాయం కాదు.

పొరపాటు అటువైపు కూడా జరుగుతుంది. వరుసలు కూడితే 43, పెట్టెలో 48 ఉంటే? అప్పుడూ ఇదే మెయిల్ రాయాలని నా అభిప్రాయం. అంకెలు మార్చి, అవే వాక్యాలతో. ఐదు మార్కులు పోతాయి, నిజమే. కానీ ఎక్కువ పడినప్పుడు ఊరుకుని తక్కువ పడినప్పుడు మాత్రమే కూడికను గుర్తుచేయడం నాకు సమంజసంగా తోచదు.

తిరిగి చూడమని అడగడానికి చాలా కోర్సుల్లో మార్కులు ఇచ్చిన రోజు నుంచి వారమే గడువు ఉంటుంది. ఎంత గడువో సిలబస్‌లో చూసుకోండి. మార్కులు పోర్టల్‌లో కనిపించిన రోజే వరుసలు కూడి చూసుకోండి. సెమిస్టర్ చివర్లో, 89.6 దగ్గర ఆగిపోయాక, నాలుగో రిపోర్టు కూడిక తప్పని రాస్తే, ఆ కూడిక ఎంత స్పష్టంగా తప్పయినా గడువు దాటిందన్న జవాబు రావచ్చు.